పన్నెండు గ్రాములు అటూ ఇటూ

కోర్టులో అనువాదకుడిగా రిటైరైన మనిషికి ఇంట్లో పని దొరకడం కష్టం. మందుల డబ్బాల్లోని చీటీలు, వాషింగ్ మెషీన్‌తో వచ్చిన పుస్తకం, కరెంటు ఆఫీసు నోటీసు, ఏది చేతికి దొరికినా ఆయన ఎర్ర పెన్నుతో దిద్దుతూ కూర్చునేవాడు. కొడుకు నవ్వి ఊరుకునేవాడు. కోడలు మాత్రం దిద్దిన కాగితాలు పడేయకుండా ఒక సొరుగులో పెట్టేది. మామాకోడళ్లిద్దరికీ మొదటినుంచీ బాగా పడేది.

కోడలు పనిచేసేది తూకాలను పరీక్షించే ప్రయోగశాలలో. ఎవరి కాటా అయినా, త్రాసు అయినా సరిగ్గా చూపుతోందో లేదో ప్రమాణ తూకపు రాళ్లతో పోల్చి, ఎంత తేడా ఉందో రాసి పత్రం ఇస్తారు. ఆ పత్రం మీద సంతకం చేసే అధికారం ఉన్న ఇద్దరిలో ఆమె ఒకతె. రాళ్లను వట్టి చేత్తో ముట్టనివ్వదు. బల్ల మీద మోచెయ్యి ఆనించిన వాణ్ణి అక్కడినుంచి లేపి పంపేస్తుంది.

పాల సంఘం అధ్యక్షురాలు ప్రయోగశాలకు వచ్చి అడిగింది మామూలు కోరిక కాదు.

"మేడమ్, మా కాటాకి మీరిచ్చిన సర్టిఫికెట్ మాకు తెలుగులో కావాలి. కాటా తక్కువ చూపుతోందని మా వాళ్లు గొడవ. ఇంగ్లిష్ కాగితం గోడకి తగిలిస్తే, అందులో ఏముందో ఎవడికి తెలుసంటున్నారు. సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి."

ప్రయోగశాల పెద్దాయన ఆలోచించి, సరే, అనువాదం కూడా మన కాగితం మీదే ఇద్దాం అన్నాడు. ఎవరు చేస్తారన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

మామగారు ఆ పత్రాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. కళ్లజోడు తుడుచుకుని చదివాడు. ఒకచోట ఆగి, "అమ్మాయ్, ఈ ట్రేసబిలిటీ అన్న మాటకి మా కోర్టులో జాడ తీయడం అనేవాళ్లం. దొంగసొత్తుకీ, పరారీలో ఉన్న ముద్దాయికీ వాడేవాళ్లం. మీ రాళ్లు ఎక్కడికి పారిపోయాయి?" అన్నాడు.

ఆమె నవ్వింది. "పారిపోలేదు మామయ్యగారూ. మా రాళ్లని అంతకంటే మంచి రాళ్లతో పోల్చారు. వాటిని ఇంకా పైవాటితో. అలా జాతీయ ప్రమాణం దాకా, అక్కణ్ణించి కిలోగ్రాము నిర్వచనం దాకా, మధ్యలో ఎక్కడా తెగకుండా."

"అంటే రాళ్లకి వంశవృక్షం."

"దాదాపు అంతే. కాకపోతే ప్రతి తరం దగ్గరా పోల్చినప్పుడు ఎంత అనిశ్చితి ఉందో కూడా రాసుండాలి. అది లేకపోతే గొలుసు తెగినట్టే."

ఆయన బుద్ధిగా రాసుకున్నాడు. ఆ వాక్యం బాగా కుదిరింది. 'ఈ కొలతలు, ప్రతి మెట్టులోనూ అనిశ్చితిని లెక్కగట్టిన పోలికల తెగని గొలుసు ద్వారా, జాతీయ ప్రమాణానికీ, తద్వారా అంతర్జాతీయ కిలోగ్రాముకూ ముడిపడి ఉన్నాయి.' ఆమె రెండుసార్లు చదివి, ఇంతకంటే మార్చేదేం లేదంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

అసలు పేచీ పట్టిక దగ్గర వచ్చింది. నలభై కిలోల రాళ్లు పెడితే కాటా 39.990 చూపింది. పక్క గడిలో తేడా, పది గ్రాములు తక్కువ. ఆ పక్కన మరో అంకె, పన్నెండు గ్రాములు.

"ఈ పన్నెండేమిటి? ఇంకో తప్పా?"

"తప్పు కాదండీ. పది గ్రాములు తక్కువ చూపుతోందని చెప్పాం కదా. ఆ పది అనే మాట మేం ఎంత గట్టిగా అనగలమో చెప్పేది ఈ పన్నెండు. అసలు తేడా ఆ పదికి పన్నెండు గ్రాములు అటో ఇటో ఉండొచ్చు. ఆ మేరలోనే ఉంటుందని సుమారు తొంభై అయిదు శాతం నమ్మకంతో చెబుతున్నాం."

"అంటే సందేహం."

"సందేహం అంటే మా మీద మాకే అనుమానం అన్నట్టుంటుంది. పుస్తకాల్లో అనిశ్చితి అంటారు."

"వినడానికి బాగోలేదమ్మాయ్. ఆ మాట చెవిన పడితే ఎవడైనా కాటా మీంచి డబ్బా దించుకుని వెళ్లిపోతాడు."

"బాగుండకపోయినా అదే రాయండి మామయ్యగారూ."

ఆయన తలూపాడు. చిత్తుప్రతిలో అలాగే రాశాడు కూడా.

సాఫు ప్రతి తెచ్చిచ్చిన రోజున ప్రయోగశాలలో తనిఖీకి బయటివాళ్లు వచ్చి ఉన్నారు. ఆమె ఇంగ్లిష్ పత్రాన్ని పక్కన పెట్టుకుని తెలుగు ప్రతిలో ప్రతి అంకె మీదా వేలుపెట్టి చూసింది. కాటా నంబరు, తేదీ, గది వేడి, రాళ్ల బరువులు, తేడాలు అన్నీ సరిపోయాయి. మాటలు మామగారివి, వాటిని దిద్దే సాహసం ఆమెకు లేదు. సంతకం చేసి పంపించింది.

సమావేశం మధ్యలోనే అధ్యక్షురాలు ఫోన్ చేసింది. వెనక గోలగోలగా ఉంది.

"మేడమ్, కొంప మునిగింది. కాటా తొంభై అయిదు శాతమే కరెక్టని మీరే రాశారటగా! నూరు లీటర్లకి అయిదు లీటర్లు మింగేస్తున్నామని మీద పడుతున్నారు!"

వస్తున్నాను, ఎవరినీ వెళ్లనివ్వకండి అని చెప్పి ఆమె నకలు తీసి చూసింది. పట్టిక కింద ఇలా ఉంది: 'కచ్చితత్వం: పన్నెండు గ్రాములు, సుమారు 95 శాతం.' అనిశ్చితి అన్న మాట గొలుసు వాక్యంలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఇంటికి వెళ్లేసరికి మామగారు వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆమె కాగితం ఆయన ముందు పెట్టి ఆ వరుస చూపించింది.

"ఇది మీరే మార్చారా?"

ఆయన పేపరు మడిచాడు. "మార్చాను."

"ఎందుకండీ?"

"కింద నీ సంతకం ఉందమ్మా. దాని పైన నిశ్చయం లేదని ఎలా రాయను? ఇంత చదివి, ఇన్నేళ్లు పనిచేసి, మా అమ్మాయికి నిశ్చయం లేదా అని ఎవడైనా అంటే..." ఆయన ఆగిపోయాడు. "అర్థం దగ్గరగానే ఉందనుకున్నాను."

"దగ్గరగా లేదు మామయ్యగారూ. తలకిందులైంది. నేనూ అంకెలు చూసి ఊరుకున్నాను, మాటలు చూడలేదు."

ఆమె గొంతు పెంచలేదు. అదే ఆయనకు కష్టమనిపించింది. సాక్షి తడబడితే ఆ తడబాటును కూడా తర్జుమాలోకి తెచ్చిన మనిషి ఆయన. ముద్దాయి తరఫు వకీలు ఎంత గదమాయించినా ఒక్క మాట అటూ ఇటూ కానివ్వలేదు. ఇప్పుడు సొంత ఇంటి మనిషి పరువు అనుకున్నాడు, చెయ్యి జారింది.

"నేనూ వస్తాను," అన్నాడు లేస్తూ.

దారిలో ప్రయోగశాల దగ్గర ఆగి ఆమె ఇరవై కిలోల రాళ్లు రెండు వ్యాన్‌లో ఎక్కించింది. పత్రం వెనక్కి తీసుకుంటున్నామని అక్కడి పెద్దాయనకు చెప్పింది. ఆయన వెంటనే తప్పు జరిగిన పనిని నమోదు చేసే కాగితం తీసి, అక్కడే రాయడం మొదలుపెట్టాడు. అందులో ఆమె పేరు ఉంటుంది. ఉండాలి కూడా.

సంఘం షెడ్డులో డబ్బాలు ఒక వారకు నెట్టి కుర్చీలు వేశారు. సగం మంది నిలబడే ఉన్నారు. ముందు వరుసలో ఎనిమిది ఆవులున్న ఒకామె తెలుగు పత్రాన్ని చుట్టగా చుట్టి పట్టుకుంది. కోడలిని చూడగానే అంది:

"రండి మేడమ్. ఆ అయిదు శాతం ఎవరింటికెళ్తోందో మీరే చెప్పండి."

కోడలు నోరు తెరిచేలోపు మామగారు ముందుకొచ్చాడు. "ఆ మాట రాసింది నేనమ్మా. ఆవిడ రాయమన్నది అది కాదు. నేను మార్చాను. తప్పు నాది. ఈ కాగితం చెల్లదు, వెనక్కిచ్చెయ్యండి."

"మరి అసలు మాటేంటి?"

"అనిశ్చితి," అన్నాడాయన. షెడ్డంతా గోల లేచింది.

"అంటే వాళ్లకీ తెలీదన్నమాట!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

కోడలు చేతి తొడుగులు వేసుకుని రాళ్లు కాటా మీద పెట్టింది. 39.990. తీసి, మళ్లీ పెట్టింది. 39.990. మూడోసారి 40.000 చూపింది. నాలుగోసారి మళ్లీ 39.990.

"రాళ్లు మారలేదు, నేనూ మారలేదు," అంది. "ఈ కాటా పది గ్రాముల అంగల్లోనే చూపగలదు. మధ్యలో ఉన్నదాన్ని ఇటో అటో నెట్టేస్తుంది. రాళ్లలోనూ అణువంత తేడా ఉంటుంది. ఇవన్నీ కలిపి లెక్కేస్తే పన్నెండు గ్రాములు. అదే అనిశ్చితి. అది లేని కాటా లోకంలో లేదు. ఎంతో చెప్పని కాగితాన్ని మాత్రం నమ్మకండి."

"మరి తొంభై అయిదు?"

"అది పాల లెక్క కాదమ్మా. పన్నెండు గ్రాములన్న మేర మీద మాకున్న నమ్మకం లెక్క."

ఎనిమిదావులామె కాసేపు కాటానే చూసింది. "సూటిగా చెప్పండి. తక్కువ చూపుతోందా, లేదా?"

అధ్యక్షురాలు ఆశగా చూసింది. లేదు అంటే గొడవ అక్కడితో ఆగిపోతుంది.

"నలభై కిలోల దగ్గర పది గ్రాములు తక్కువవైపు మొగ్గుతోంది. చట్టం ఒప్పుకునే హద్దులోనే ఉంది. కానీ సున్నా అని నేను అనలేను. పది గ్రాములు కచ్చితంగా పోతున్నాయనీ అనలేను."

మామగారు ఆ మాటల్ని పెదవులు కదుపుతూ లోలోపలే తిరగవేసుకున్నాడు.

ఎనిమిదావులామె చుట్టిన కాగితాన్ని విప్పి ఆయన చేతికిచ్చింది. "పది గ్రాముల కోసం కొట్టుకోంలే. అయిదు లీటర్లంటే కడుపు మండదూ? సరే, దాన్ని సరిచేయించండి."

"సరిచేయించొచ్చు. అప్పుడు మళ్లీ మొదట్నించీ పరీక్షించాలి. ఈ అంకెలు పరీక్షించిన రోజు ఎలా ఉందో ఆ కాటాకే," అంది కోడలు.

అందరూ ఒప్పుకోలేదు. ఇద్దరు ముగ్గురు వేరే చోట పాలు పోసుకుంటామని లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు కాటా సరిచేయించాలని తీర్మానం రాశారు.

కాటా సరిచేశాక వచ్చే కొత్త పత్రం వేరు. ముందు తప్పు పత్రానికి సవరణ ఇవ్వాలి, కొత్త నంబరుతో, ఏ పత్రం స్థానంలో వస్తోందో చెబుతూ. ప్రయోగశాల పెద్దాయన తెలుగు ప్రతులన్నింటికీ ఒక వాక్యం జోడించమన్నాడు: రెండు ప్రతుల మధ్య భేదం వస్తే ఇంగ్లిష్ ప్రతే ప్రమాణం.

ఆ వాక్యాన్ని మామగారికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఆయన తర్జుమా చేసిన వాంగ్మూలాల మీద ఎన్నో తీర్పులు నిలబడ్డాయి. 'అనువాదాన్ని నమ్మవద్దు' అని ఆయన చేతే రాయించాలి. వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఉండగా చెప్పింది.

ఆయన బెండకాయలు తన వైపు లాక్కుని తరగడం మొదలుపెట్టాడు.

"సరైన వాక్యమే," అన్నాడు చివరికి. "నా లాంటివాడు ఉన్నంతకాలం ఉండాల్సిందే. నేనే రాస్తాను."

సాయంత్రం ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. ఈసారి ఆయన గట్టిగా చదివాడు. ఆమె ఇంగ్లిష్ పత్రం మీద వేలుపెట్టి మాట మాటకూ చూసింది. ఒకచోట ఆపి, "95 శాతం నమ్మకం అనేచోట 'కాటా కచ్చితత్వానికి సంబంధించినది కాదు' అని కింద ఒక గమనిక పెడదామా?" అంది.

"అది ఇంగ్లిష్‌లో లేదుగా. నేను కలపను," అన్నాడాయన. "ముందు నువ్వు అందులో పెట్టు. తర్వాత నేను తెలుగు చేస్తాను."

ఆమె ఫోన్ తీసుకుని ప్రయోగశాల పెద్దాయనకు చేసింది. మామగారు పెన్ను మూత పెట్టి, జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు.