పక్కకు పోయిన క్యారీ

సిద్దిపేట కాలేజీ ల్యాబులో జ్ఞానేశ్వరి వాలెస్ ట్రీ అనే వేగవంతమైన పద్ధతిలో కట్టిన గుణకారం సర్క్యూట్ సరైన జవాబే ఇచ్చింది. అయినా బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్, కూడికలు చేసే ఆడర్ల మధ్య పై స్థానానికి పోవాల్సిన అంకెను, అంటే క్యారీని, మోసే వైర్లు చూసి ముఖం చిట్లించాడు.

“క్యారీని పక్క ఆడర్‌కెందుకు ఇచ్చినవమ్మా? ఒక స్థానం ఎడమకు జరిపి కింది వరుసకు ఇయ్యాలె. అప్పుడే వరుసలోని ఆడర్లన్నీ ఒక్కసారే పనిచేస్తయి. చివరికి మిగిలే రెండు వరుసలను కూడేటప్పుడే క్యారీ పక్కకు పోవాలె. గిట్లయితే ఒకదాని కోసం ఒకటి ఆగుతది. ఇంక వాలెస్ ట్రీ ఎందుకు?”

ఆమె మొదట ఎగ్జామినర్ చెప్పినట్టే కలిపింది. అది తప్పని తిట్టి వైర్లన్నీ పీకించినవాడు లెక్చరర్ కాశీనాథం. ఆయన ఆమె పక్కనే ఉన్నాడు.

“పొరపాటయింది సార్,” అంది జ్ఞానేశ్వరి.

“మీరు చెప్పలేదా?” ఎగ్జామినర్ కాశీనాథాన్ని అడిగాడు.

“చెప్పిన,” అన్నాడాయన నేల చూస్తూ.

జ్ఞానేశ్వరి అవునని తలూపింది.