బొట్టు కంటే ముందే పసుపు

నయాపైసలు చేతులకొచ్చినా అణాల లెక్క ఇంకా జనం నోళ్లల్లనుంచి పోని రోజులవి. లక్సెట్టిపేటల బాలవ్వ బిడ్డ సరోజనకు పెండ్లి కుదిరింది. బాలవ్వకు చుట్టాలు తక్కువనా! పెనిమిటి రాయమల్లు దిక్కు ఒక ఊరంత, పుట్టింటి దిక్కు ఇంకో ఊరంత. ఎవలను పిలిచినం, ఎవలను మరిచినం అని ఆలుమొగలు పొద్దుగూకులు కొట్లాడుకుంటుంటే బాలవ్వ తమ్ముడు హనుమండ్లు దిగిండు. కాగజ్‌నగర్ కాయిదాల మిల్లుల పని ఆయనది. వచ్చుడుతోనే చాపంత కాయిదం గంజి పూసి అర్రగోడకు అతికిచ్చిండు.

"ఇగో అక్కా, ఇంటికొక అడ్డగీత. నిలువుకు నాలుగు గళ్లు. పిలుపు, జవాబు, తిండి, బంతి."

"నాకేమన్న సదువస్తదార?"

"సదువెందుకే? పిలిచొస్తే కుంకుమ బొట్టు. వస్తమంటే పసుపు. రామంటే మసి. నీసు ముట్టనోళ్లకు చిక్కుడాకు పసరు. మొదటి బంతిల కూసునేటోళ్లకు ఒక గీత, రెండో బంతికి రెండు. పసుపు చూసి బియ్యం పొయ్యి, పసరు చూసి పప్పు నానెయ్యి, గీతలు చూసి ఇస్తార్లు కుట్టియ్యి. ఇంకేం ఫికర్?"

ఏ గీత ఎవలదో ఎరికయ్యేటందుకు పేరు పక్కన బొమ్మ గూడ గీసిండు. పెద్దపల్లి వియ్యాలోళ్లకు వరి గొలుక, బెల్లంపల్లిల బొగ్గుబాయి కాడ ఉండే ఆడబిడ్డ ఎల్లక్కకు బొగ్గుతట్ట.

బాలవ్వకు సంబురమైంది. పొద్దున లేస్తే పొయ్యి కంటే ముందు కాయిదం మొకమే చూసుడు. వారం తిరిగేసరికి గోడంత ఎర్రగ పచ్చగ బతుకమ్మ లెక్కైంది. మసి మాత్రం ఒక్కటి పడలే. పెండ్లికి పిలిస్తే రామనే నోరు ఆ దిక్కు ఎవలికున్నది? గడప దాటలేని ముసలవ్వ గూడ "ఎందుకు రాను బిడ్డా" అంటది. అందుకే హనుమండ్లు ఒక ఉపాయం జేసిండు. గట్టిగ వస్తమన్నోళ్లకు నిండు పసుపు, "చూద్దాం" అన్నోళ్లకు సగం పసుపు.

బొగ్గుతట్ట గీతల కుంకుమా ఉన్నది, పసుపూ నిండుగ ఉన్నది, మొదటి బంతి గీతా ఉన్నది. ఎల్లక్క రావాలె. పెండ్లికి పూజ చేసే ఐరేని కుండలు కుమ్మరింటినుంచి ఎత్తుకొచ్చేది ఆడబిడ్డే. రాయమల్లుకు తోడబుట్టింది ఆమె ఒక్కతే. ఆమె చెయ్యి పడని కుండలు పందిట్ల పెడితే రేపు సరోజన ముందట ఎవలేమన్నా బాలవ్వ తల దించుకోవాలె.

గట్ల ఉండంగ పక్కింటి భూమవ్వ బిడ్డను చూడ బెల్లంపల్లి పోయొచ్చింది. వచ్చి వాకిట్లనే నిలబడ్డది.

"ఏందే బాలవ్వా, మీ ఆడబిడ్డకు బొట్టు పెట్టలేదట? పోస్టుల కార్డు పంపిండ్రట? నేను నీ గోడ ముచ్చట చెప్పిన. 'గోడకు పెడితే గోడనే పోయి కుండలు తెస్తది' అన్నది."

బాలవ్వ గప్పుడే రాయమల్లును పిలిచింది.

"వదినెకు బొట్టు ఎవలు పెట్టిండ్రయ్యా?"

"అక్క పెనిమిటి పోశం బావ మంచిర్యాల టేషన్ల కలిసిండు. పెండ్లికి రమ్మన్న. తప్పక వస్తమన్నడు. ఎనుక కార్డు గూడ ఏసిన."

"బావను రమ్మంటే వదినెను పిలిచినట్టా?"

రాయమల్లు తువ్వాల దులుపుకుంట బయటికి నడిచిండు. హనుమండ్లు తల గోక్కుండు.

"రాయమల్లు బావ వాళ్లు వస్తమన్నరని చెప్పంగనే పసుపు పెట్టిన అక్కా. పిలవకుంటే జవాబెట్ల వస్తదని కుంకుమ గూడ నేనే పెట్టిన."

"మంచిగున్నది! బొట్టు కంటే ముందే పసుపు పెట్టినవు. నీ మిల్లు కాయిదాలు గట్లనే చేస్తవా?"

తెల్లారంగనే బాలవ్వ కుంకుమ భరిణె కొంగున కట్టుకొని బస్సెక్కి, మంచిర్యాలల రైలెక్కి బెల్లంపల్లి చేరింది. ఎల్లక్క క్వార్టర్ ముందట బియ్యం చెరుగుతున్నది. తల ఎత్తలే.

"ఎవలు, మా తమ్ముని పెండ్లామా? తొవ్వ దప్పినవా?"

"తొవ్వ ఎరికయ్యే వచ్చిన వదినె. జర బొట్టు పెట్టనియ్యి."

"నాకు ఎప్పుడో పడ్డదట గద."

"గోడకు పడ్డది. నీ నొసలు ఖాళీగనే ఉన్నది. అందుకే వచ్చిన."

ఎల్లక్కకు నవ్వాగలే. కొంగు అడ్డం పెట్టుకున్నది. అయినా నొసలు ముందటికి పెట్టలే. "ముందుగాల బువ్వ తిను" అని పీటేసింది. పప్పు పోసింది, పచ్చిపులుసు పోసింది. వంగి వడ్డిస్తుంటే మెడల తులసిమాల ఊగింది. బాలవ్వ చేతుల ముద్ద చేతులనే ఆగింది.

"గీ మాల ఎప్పటిది వదినె?"

"పండరిపురం పోయొచ్చినం. మీ పోశమన్న గూడ వేసుకుండు. నీసు ముడుతలేం."

"అయ్యో! నిన్ను మొదటి బంతిల యాటకూర కాడ కూసోబెట్టిన. పసరు బొట్టు పెట్టనేలే."

"వచ్చి కూసుంటే ఇస్తార్ల బొక్కేద్దురు! ఇప్పుడేడ కూసోబెడతవు మరి?"

"తూర్పు దిక్కు, కొట్టం కాడి పందిట్ల. నీసు ముట్టని జంగమయ్య వేరే పొయ్యి పెట్టి వండుతడు."

"అంటే తమ్ముడొక దిక్కు, తోడబుట్టింది కొట్టం దిక్కా?"

బాలవ్వ ఊకె భరిణె మూత తీసుకుంట పెట్టుకుంట కూసున్నది. దాన్ని చూసి ఎల్లక్కనే ముందటికి జరిగింది.

"పెట్టు. ఇంత దూరమొచ్చినవు. బొట్టు పెట్టించుకుంట గని వస్తనని చెప్ప. నా గీతల పసుపు పెట్టకు."

ఇంటికొచ్చి బాలవ్వ పాత పసుపు గోరుతోని గీకింది. పసరు అద్దింది. మొదటి బంతి గీత మీద తడిగుడ్డ రాసింది. జవాబు గడి ఖాళీగ ఉంచింది. నిండు పసుపు లేదు, సగం పసుపు లేదు, మసి లేదు.

కుండలు తెచ్చే పొద్దు రానే వచ్చింది. డప్పులోళ్లు వాకిట్ల సదురుకుంటున్నరు. "ఇంకెవలితోనన్న తెప్పియ్యుండ్రి, పొద్దు మీద పడుతుంది" అని భూమవ్వ తొందరవెట్టింది. "జర ఆగు" అన్నది బాలవ్వ. రెండు బస్సులు పోయినయి. రాయమల్లు అరుగు మీదినుంచి లేస్తలేడు, తువ్వాల దులుపుతలేడు.

మూడో బస్సుల ఎల్లక్క దిగింది, పోశంతోని. ఎవలినీ పలకరియ్యకుంట సక్కగ అర్రలకు పోయి కాయిదం ముందట నిలబడ్డది.

"గీ బొగ్గుతట్ట నేనా?"

"నువ్వే వదినె."

"పసరు మంచిగ పెట్టినవు." వేలు మీదికి కిందికి తిప్పింది. "అందరున్నరు. నీ బొమ్మ ఏది?"

"నాదెందుకుంటది? ఇల్లు నాదే గద."

"నీ బువ్వ ఏ బంతిలనే?"

బాలవ్వ హనుమండ్లు దిక్కు చూసింది. హనుమండ్లు కాయిదం దిక్కు చూసిండు. అన్ని గీతల్ల బాలవ్వకు ఒక ఇస్తారు లెక్కలేదు.

"అందరూ తిన్నంక తింట తీ వదినె. ఆఖరుకు."

"ఆఖరుకు కూర మిగులుతదా?"

"ఏడ మిగులుతది! అడుగున పప్పే ఉంటది."

"ఇంకేం మరి. మా ఆయన పోయి తూర్పు పందిట్ల జంగమయ్యతోని ముచ్చటవెట్టుకుంట తింటడు. నేను ఆఖరు బంతిల నీ పక్కన కూసుంట. పప్పే గద." ఎల్లక్క భరిణె అందుకొని బాలవ్వ నొసట ఇంత బొట్టు పెట్టింది. "మరదలా, నిన్ను బువ్వకు పిలుస్తున్న. వస్తవా?"

బాలవ్వ కండ్లు తుడుచుకుంట నవ్వింది.

"చూద్దాం వదినె."

"సగం పసుపు!" అని హనుమండ్లు అరిచిండు.

వాకిట్ల డప్పు మోగింది. ఎల్లక్క కొంగు నడుముకు చెక్కి కుమ్మరింటి దిక్కు నడిచింది.