అక్కకు నేర్పిన స్పిన్

ఆ రోజు ఇంట్లో ముగ్గురున్నారు: షాట్‌పుట్ కోచ్ అయిన పెద్దనాన్న, పెద్దమ్మ, గదిలోంచి బయటికి రాని వాళ్ల కూతురైన అక్క. పొట్టిగా ఉంటుందని అందరూ బుడ్డి అని పిలిచే పిల్ల చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

పెద్దనాన్న మూడేళ్లు ఆమె చేత గ్లైడే వేయించాడు. వలయం వెనకంచున, గుండు పడాల్సిన వైపుకు వీపు తిప్పి నిలబడి, తిన్నగా వెనక్కి జారి, అప్పుడు తిరిగి గుండు నెట్టాలి. అక్కలా పొడవైన మనిషికి, పొడుగు చేతులకు అది అమరుతుంది. బుడ్డి వేసిన గుండు దగ్గరే పడేది. "నెట్టావా, జారవిడిచావా?" అని ఆయన నలుగురిలో నవ్వేవాడు.

కసికొద్దీ బుడ్డి బడి మైదానంలో ఒంటరిగా స్పిన్ నేర్చుకుంది. అందులో ఒకటిన్నర చుట్టు తిరిగి వేగం కూడగట్టాలి. పొట్టిగా, చురుగ్గా ఉండే ఆమె ఒంటికి అది అతికినట్టు సరిపోయింది. అక్క దూరాన్ని దాటేసింది.

సెలక్షన్లకు నెల ముందు అక్క రహస్యంగా అడిగింది. "నాకూ నేర్పవే."

ఏడడుగుల వలయంలో ఆ పొడవు కాళ్లు నెలలో కుదురుకోవని బుడ్డికి తెలుసు. అయినా, "నీకైతే ఇంకా దూరం పోతుందక్కా" అని నేర్పింది.

నిన్నటి సెలక్షన్లలో అక్క మూడుసార్లూ తూలి వలయం దాటింది. మూడూ ఫౌల్. బుడ్డి ఎంపికైంది.

పెద్దనాన్న తలెత్తలేదు. అది చూడటానికే బుడ్డి వచ్చింది. అంతలో అక్క గది గుమ్మంలోకి వచ్చింది.

"నాకిది సరిపడదని నీకు ముందే తెలుసు కదే?"

"తెలుసు. గ్లైడ్ నాకు సరిపడదని మీ నాన్నకీ తెలుసు."

అక్క ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.