మొదటి పేజీ

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల కౌంటర్లో విక్టోరియాకి ఉద్యోగం. కూతురు జెస్సీ స్కూలు ఫీజు కోసం ఏడాదిగా పోస్టాఫీసు ఆర్.డి.లో నెలకి రెండు వేలు కడుతోంది. ప్రతి నెలా మొదటి వారంలో ఏజెంటు సీతారత్నం గారు ఇంటికొచ్చి డబ్బు తీసుకుని వెళ్ళేవారు.

మే నెలాఖరులో, ఏడాది నిండింది కదా, డబ్బు తీసుకుందామని సెలవు పెట్టి పోస్టాఫీసుకి వెళ్ళింది. కౌంటర్లో ఉన్నాయన పాసుపుస్తకం మొదటి పేజీ తిప్పి చూపించాడు. మెచ్యూరిటీ తేదీ ఇంకా నాలుగేళ్ళ దూరంలో ఉంది. ఇది ఐదేళ్ళ ఖాతా అనీ, మూడేళ్ళు నిండకుండా మూసే వీలు లేదనీ, ఆ తర్వాత మధ్యలో మూసినా సేవింగ్స్ ఖాతాకిచ్చే తక్కువ వడ్డీయే వస్తుందనీ చెప్పాడు. పన్నెండు వాయిదాలు కట్టి ఏడాది నిండింది కనక, ఉన్న డబ్బులో సగం దాకా అప్పుగా తీసుకోవచ్చట. దానికి ఆర్.డి. వడ్డీ కన్నా రెండు శాతం ఎక్కువ వడ్డీ పడుతుంది.

కట్టాల్సిన ఫీజు ఇరవై నాలుగు వేలు. చేతికొచ్చేది పన్నెండు వేలు.

అక్కణ్ణుంచి తిన్నగా సీతారత్నం గారింటికి వెళ్ళింది. "కమీషన్ కోసం నా చేత ఐదేళ్ళది కట్టించారా అండీ?" అని అడిగేసింది.

పెద్దావిడ ముఖం మాడిపోయింది. "ఐదేళ్ళని చెప్పానమ్మా. ఆ రోజు మీరు డ్యూటీకి ఆలస్యమైందని గుమ్మంలోనే సంతకం పెట్టేశారు. ఇంకోసారి అడగాల్సింది నేను" అన్నారు.

విక్టోరియా ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రం పాసుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. నెలనెలా పడ్డ అంకెలు చూసి మురిసిందే గాని, మొదటి పేజీ ఒక్కసారీ చదవలేదు. కొల్లేరు చెరువులకి చేపల మేత లారీ తోలే భర్త జీవన్ రాగానే అంతా చెప్పింది. అతను కోప్పడలేదు. మిగతా సగం దసరా దాకా గడువిమ్మని స్కూల్లో అడుగుదామన్నాడు. మర్నాడు వెళ్ళి అడిగితే ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు.

జూన్ మొదటి వారంలో సీతారత్నం గారు వచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డారు. విక్టోరియా ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేసింది.

"మొన్న మిమ్మల్ని అనకూడని మాట అన్నానండీ. తప్పు నాదే."

ఆవిడ తల ఊపి మంచినీళ్ళు తాగారు. వచ్చే ఏడాది ఫీజుకి ఏం చేస్తే బాగుంటుందని విక్టోరియా అడిగింది.

"దానికి నా దగ్గరికి రాకండమ్మా. బ్యాంకులో ఏడాది ఆర్.డి. వేయండి. ఇవాళో రేపో మొదలెడితే బడి తెరిచేటప్పటికి చేతికొస్తుంది. ఇది మాత్రం ఆపకండి, జెస్సీ ఆరో తరగతికి వచ్చేసరికి అందుతుంది."

"బ్యాంకులో వేస్తే మీకేం రాదు కదండీ."

"రాదు" అన్నారావిడ.

విక్టోరియా ఈ నెల రెండు వేలు ఆవిడ చేతిలో పెట్టింది. వచ్చే ఏడాది ఫీజుకని జీవన్ ఇచ్చిన రెండు వేలు విడిగా పర్సులో పెట్టుకుని, బ్యాంకు ఎన్నింటికి తెరుస్తారో కనుక్కుంది.