ఒకవైపే మోగిన ఇయర్‌బడ్స్

మా అమ్మ ఏ వస్తువునైనా సగమే వాడుతుంది. ఫ్యాను రెండో నంబరు దాటనివ్వదు. సబ్బు అరిగిపోతే ఆ ముక్కను కొత్త సబ్బుకి అతికిస్తుంది. నేను తాడేపల్లిగూడెంలో ఏరికోరి కొనుక్కొచ్చిన బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కి కూడా అదే గతి పట్టించింది.

అవి కొన్నది నా ఉద్యోగం కోసం. ఏలూరులో డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది, ఆసుపత్రుల బిల్లుల గురించి ఫోన్లలో మాట్లాడే పని. ఇంటినుంచే చేసుకోవచ్చు. మొదటి రౌండు దాటాను. రెండోది ల్యాప్‌టాప్‌లో వీడియో ఇంటర్వ్యూ. మాది కలిదిండి దగ్గర చెరువుల మధ్య ఇల్లు. రొయ్యలకి గాలి అందాలని చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ చప్పుడులో ల్యాప్‌టాప్ స్పీకరు పెట్టుకుని ఇంటర్వ్యూ ఇస్తే అవతలివాళ్లకి నీళ్ల హోరు తప్ప నా ఇంగ్లీషు వినపడదు. అందుకే చప్పుడు తగ్గించే బడ్స్ కొన్నాను.

కొన్న రోజే అమ్మకీ ముచ్చటేసింది. అమ్మ పేరు సారమ్మ, ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మా చర్చి ఆడవాళ్లు రోజూ పొద్దున వంటలయ్యాక ఫోన్లో ప్రార్థన పెట్టుకుంటారు. సువార్తమ్మ గారు ఒక్కొక్కరినీ కాల్‌లో కలుపుతారు, అందరి అవసరతలూ పేరుపేరునా దేవుడికి చెబుతారు. మొగుడికి చెప్పుకోనివీ, పిల్లలకి చెప్పుకోనివీ అక్కడ చెప్పుకుంటారు. చేతులు ఖాళీగా ఉంటే కుట్టుకుంటూ వినొచ్చని అమ్మ ఆశ. సరే, నువ్వూ వాడుకోమన్నాను.

మర్నాడు పెట్టుకుని చూస్తే నాకు కుడివైపే మోగుతోంది. ఎడమది చచ్చిపోయినట్టుంది. అమ్మని నిలదీస్తే అసలు సంగతి చెప్పింది. పెట్టెలోంచి కుడిదొక్కటే తీసి, దాన్నే ఫోన్‌కి కలుపుకుందట.

"ఒకటి వాడితే చాలు కదమ్మా, రెండోదాని ఛార్జింగు మిగులుతుంది" అంది.

నాకు ఒళ్లు మండింది. అవి జోడీ అనీ, పెట్టెలోంచి రెండూ కలిసి బయటికొస్తేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయనీ, ఒకదాన్నే విడిగా కలిపితే రెండోది అనాథ అయిపోతుందనీ గుక్కతిప్పుకోకుండా చదివాను. అమ్మ ఫోన్ చూస్తే నిజంగానే ఒకే పేరు రెండుసార్లు కనబడుతోంది. ఆ రెండు పేర్లూ తీసేశాను. ఎడమ బడ్ అడుగున రాగిచుక్కల మీద ఏదో జిడ్డుంది, అది అంటితే ఛార్జింగు కూడా ఎక్కదు. పొడిగుడ్డతో తుడిచాను. రెండూ పెట్టెలో పెట్టి, పెట్టె బటన్ లైటు టకటకా కొట్టుకునేదాకా నొక్కి పట్టుకున్నాను. తర్వాత రెండూ ఒకేసారి తీసి మళ్లీ కొత్తగా అమ్మ ఫోన్‌కి కలిపాను. నా చెవుల్లో పెట్టుకుంటే రెండువైపులా ఖంగుమని మోగింది.

అప్పుడు అమ్మ చెవుల్లో రెండూ పెట్టి, రెండువైపులా వస్తోందా అని అడిగాను. అమ్మ ఒక్క క్షణం మిషన్ చక్రం వైపు చూసి, "వస్తోందమ్మా, బాగా వస్తోంది" అంది.

అంతా అయ్యాక కూడా బుద్ధి మారిందా అంటే లేదు. మర్నాడు మళ్లీ కుడిదొక్కటే చెవిలో. ఎడమది పెట్టెలో హాయిగా పడుకుంది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. మొండిదానివి అన్నాను, పిసినారివి అన్నాను. అమ్మ నవ్వి ఊరుకుంది.

ఇక ల్యాప్‌టాప్‌తో నా తిప్పలు వేరు. పెట్టె మూత తెరవగానే బడ్స్ పరుగెత్తుకెళ్లి అమ్మ ఫోన్‌కే అతుక్కుంటాయి. ల్యాప్‌టాప్‌లో వెతికితే పేరే కనబడదు. చివరికి అమ్మ ఫోన్‌లో బ్లూటూత్ ఆపి, పెట్టె బటన్ నొక్కి, ల్యాప్‌టాప్‌లో పేరు రాగానే కలిపాను. కానీ అమ్మ ప్రార్థనకి మళ్లీ ఫోన్‌కి మార్చాలి, నాకు మళ్లీ ఇటు మార్చాలి. రోజూ ఈ గొడవతో తల ప్రాణం తోకకొచ్చింది. బడ్స్ యాప్‌లో ఒకేసారి రెండింటికీ కలిసి ఉండే ఏర్పాటు ఉందని తెలిసి అది ఆన్ చేశాను. ఆ తర్వాత ఫోనూ ల్యాప్‌టాపూ రెండూ కలిసే ఉండేవి. ఏది మోగితే అది వినిపించేది. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

ఇంటర్వ్యూ ముందురోజు నా స్నేహితురాలు రమ్యశ్రీతో వీడియో కాల్ చేసి చూసుకున్నాను. ఏరియేటర్ల చప్పుడే లేదు, పట్నంలో కూర్చుని మాట్లాడుతున్నట్టుందంది. నాన్న చెరువు మీదికి వెళ్తూ ధైర్యంగా మాట్లాడమని చెప్పి వెళ్లారు.

ఇంటర్వ్యూ రోజు అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పేసింది. కోళ్లని అవతలికి తోలింది. నా గది తలుపు తనే దగ్గరగా వేసి, ఇల్లు నిశ్శబ్దంగా ఉంచుతానంది. అన్నట్టే ఉంచింది కూడా. ఫోన్ సంగతి తనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

తెర మీద ఇద్దరు కనబడ్డారు. ఒక సారూ, ఒక మేడమూ. మొదటి ప్రశ్నలకి చకచకా చెప్పాను. మేడం నవ్వారు. బిల్లు ఎక్కువైందని కోపంగా ఫోన్ చేసినవాళ్లకి ఎలా సర్దిచెబుతావని సార్ అడిగారు. చెప్పడం మొదలెట్టాను. సగంలో ఉండగా చెవుల్లో ఫోన్ రింగు మోగింది. ల్యాప్‌టాప్ శబ్దం తెగిపోయింది. రింగు ఆగింది, నా రెండు చెవుల్లోకీ సువార్తమ్మ గారొచ్చారు.

"వందనాలండీ సారమ్మ గారూ. అమ్మాయి పరీక్ష మొదలైందంటగా. అందరం లైన్లోనే ఉన్నామండీ."

అమ్మ పక్కగదిలో ఫోన్ ఎత్తింది. నా ఇంటర్వ్యూ కోసమే ప్రార్థన పెట్టమని అడిగి ఉంటుంది. ఫోన్ కాల్ వచ్చేసరికి బడ్స్ ల్యాప్‌టాప్‌ని వదిలేసి అటు వెళ్లిపోయాయి. అమ్మ ఫోన్‌లో అమ్మకేమీ వినబడదు, అమ్మ మాట అవతలికి పోదు. మైకూ చెవులూ రెండూ నా దగ్గరే ఉన్నాయి.

తెర మీద సార్ పెదవులు కదులుతున్నాయి. మేడం చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపారు. నేను కంగారుగా, సార్, నా మాట వినిపిస్తోందా సార్ అని ఇంగ్లీషులో అడిగాను. చెవుల్లో ఆడవాళ్లు గుసగుసలాడారు. ఎవరో సార్ సార్ అంటున్నారు, లైను కలిసిపోయిందేమోనంది ఒకావిడ. గోడ అవతల అమ్మ హలో హలో అని అరుస్తోంది, అది గాలిలోంచి సన్నగా వినబడుతోంది. ఇంతమంది మాట్లాడుతున్నారు, ఒకరిది ఒకరికి చేరడం లేదు.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. రెండు బడ్సూ పెట్టెలో పెట్టి మూత వేస్తే చాలు. కాల్ అమ్మ ఫోన్‌లోకి పోతుంది, నాకు ల్యాప్‌టాప్ సొంత స్పీకరూ మైకూ వస్తాయి. ఏరియేటర్ల హోరు ఉంటే ఉంది, కేకేసైనా మాట్లాడొచ్చు. కుడిది తీసి పెట్టెలో పెట్టాను. ఎడమదాని మీద చెయ్యి వేశాను.

"సారమ్మ గారి లైను సరిగ్గా లేదండీ, మనం మొదలెడదాం" అన్నారు సువార్తమ్మ గారు. ప్రార్థన ఎత్తుకున్నారు. నా పేరెత్తి, మా బ్లెస్సీకి మంచి మాట ఇవ్వమన్నారు, భయం తీసెయ్యమన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు.

"ప్రభువా, నీ బిడ్డ సారమ్మ ఎడమ చెవిని ముట్టు నాయనా. ఆ జ్వరం వచ్చినకాడి నుంచీ ఆ చెవి వినబడటం లేదు తండ్రీ. పిల్లకి ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో చెప్పనని పంతం పట్టుకు కూచుంది. చెబితే పిల్ల మనసు చెదురుతుందని దాచుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్లే మనసు ఇవ్వు ప్రభువా."

ఆమెన్ అన్నారు అందరూ.

నా చెయ్యి ఎడమ బడ్ మీద అలాగే ఉండిపోయింది. అమ్మకి ఆ జ్వరం వచ్చింది వానలప్పుడు. ఇంకా మాటలు వినబడుతున్నాయి, ఎవరిదో కోడలి కాన్పు గురించి. నాకు కనబడుతున్నది మాత్రం మిషన్ చక్రం వైపు చూసిన అమ్మ మొహమే. వస్తోందమ్మా, బాగా వస్తోంది అన్న మొహం. పిసినారివి అంటే నవ్విన మొహం. నాకు ఏడుపొచ్చింది, కెమెరా ఆన్‌లోనే ఉంది.

తేరుకుని ఎడమది కూడా పెట్టెలో పడేసి మూత వేశాను. ల్యాప్‌టాప్ స్పీకరు పలికింది. మేడం నా పేరు పిలుస్తున్నారు. ఇప్పుడు వినబడుతోందన్నాను. కిటికీలోంచి ఏరియేటర్ల హోరు నా మాట మీద పడింది. సార్ నుదురు చిట్లించారు. చాలాసేపు చూశామనీ, తర్వాతి అభ్యర్థి ఎదురుచూస్తున్నారనీ, ఈ ఉద్యోగానికి ముందు కావాల్సింది సరైన లైనేననీ మర్యాదగా చెప్పారు. ఏ సంగతైనా తర్వాత తెలియజేస్తామన్నారు. మా ఇంట్లో ఇబ్బంది అయిందని చెప్పబోయాను, తెర నల్లబడింది. నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. ల్యాప్‌టాప్ మూసేశాను.

తలుపు తీసుకుని బయటికొచ్చాను. అమ్మ మిషన్ ముందు స్టూలు మీద ఫోన్ కుడి చెవికి ఆనించుకుని కూర్చుంది. ఎప్పుడూ కుడి చెవికే ఆనించుకుంటోంది, నాకు కళ్లున్నాయి, ఒక్కసారీ చూడలేదు. నన్ను చూసి ఫోన్ పెట్టేసింది. మొహం వెలిగిపోతోంది.

"నా మాట అవతలికి పోనేలేదే, పాడు ఫోను. అయినా వాళ్లు ప్రార్థన చేశారంటలే నీకోసం. బాగా మాట్లాడావా తల్లీ?"

నేను అలవాటుగా మిషన్‌కి ఇటువైపు, తన ఎడమ పక్కన చాప మీద కూర్చున్నాను. తల దించుకుని, చిన్నగా "ఉద్యోగం పోయిందమ్మా" అన్నాను.

అమ్మ నవ్వుతూనే ఉంది. జాకెట్టు మీద దారం తెంపుకుంటూ నేను చెబుతానని ఎదురు చూస్తోంది. కాసేపయ్యాక ఇటు తిరిగి, "ఏంటమ్మా, చెప్పవేం?" అంది.

నేను లేచాను. మిషన్ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, తన కుడి పక్కన నేల మీద కూర్చున్నాను. ఎందుకు మారానో అమ్మకి అర్థమైంది. చేతిలో దారం అలాగే ఆగింది.

"రేపు పొద్దున్నే ఏలూరు వెళ్దామమ్మా" అన్నాను. "చెవి డాక్టరు దగ్గరికి."