తీసేసిన నలభై ఒక్క నిమిషాలు

మా బావ నన్ను చీపురమ్మా అని పిలుస్తాడు. చేసే పని అదే కాబట్టి ఊరుకుంటాను. సైకిల్ షాపు పైన రెండో అంతస్తులో ఉన్న ఒకే ఒక్క గది మా మామయ్య ఆఫీసు. అందులో షేరు ధరల డేటా కడగడం నా ఉద్యోగం. ధరలకి మురికేమిటి అని అడిగేవాళ్ళని నా కుర్చీలో ఒక్క పూట కూర్చోబెట్టాలని ఉంటుంది.

ఒక షేరుకి నిమిషానికో వరస. ఆ నిమిషంలో మొదటి ధర, అన్నిటికన్నా ఎక్కువ ధర, తక్కువ ధర, చివరి ధర, ఎన్ని షేర్లు చేతులు మారాయో ఆ లెక్క. రోజుకి మూడొందల డెబ్బై ఐదు వరసలు. రెండేళ్ళకి లక్షా ఎనభై వేల పైనే. వీటిని అమ్మే కంపెనీ వాళ్ళు మహానుభావులు. నాలుగొందల పన్నెండు ఉండాల్సిన చోట నాలుగు పాయింటు పన్నెండు రాసి పంపిస్తారు. అంటే ఆ ఒక్క నిమిషం ఓ సిమెంటు కంపెనీ షేరు చాక్లెట్ ధరకి అమ్ముడుపోయిందన్నమాట. కొన్ని నిమిషాలు అసలు ఉండవు. ఫోన్ చేసి అడిగితే, "మేడమ్, మా వైపు అంతా బాగానే ఉంది," అంటారు. వాళ్ళ వైపు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఈ డేటా అంతా మా బావ కోసం. బావ అంటే మా అక్క మొగుడు. స్కూల్లో లెక్కల మాస్టారు. పొద్దున కొని సాయంత్రంలోపు అమ్మేసే ఒక పద్ధతి కనిపెట్టానని, దాన్ని పరీక్షించి చూడాలని జీతం లేని సెలవు ఏడాది పెట్టి మామయ్య గదిలో బల్ల వేసుకున్నాడు. పద్ధతి చెప్పడానికి తేలికే. షేరు తన సగటు కన్నా బాగా కిందికి జారితే కొనాలి, మళ్ళీ సగటు దగ్గరకి రాగానే అమ్మాలి. రాకుండా ఇంకా కిందికి పోతే, ముందే గీసుకున్న గీత తాకగానే నష్టానికి అమ్మేసి బయటపడాలి. గెలుపులు చిన్నవి, రోజూ వస్తాయి. ఓటములు పెద్దవి, ఎప్పుడో వస్తాయి. ఎప్పుడో అంటే ఎన్నిసార్లు అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకి రెండేళ్ళ పాత డేటా మీద జవాబొచ్చింది. దాదాపు ఎప్పుడూ లేదు అని. గ్రాఫు మేడ మెట్లలా పైకి పోయింది. మామయ్య సోమవారం నుంచి నిజం మార్కెట్లో నడుపుదామన్నాడు. బావ సెలవు శుక్రవారంతో అయిపోతుంది. ఆ రోజే స్కూలుకి రాజీనామా ఇచ్చేస్తానని ఇంటిల్లిపాదికీ చెప్పేశాడు. అక్క ఏమీ అనలేదు. పిల్లల ఫీజులు కట్టే ఉద్యోగం వదిలేస్తుంటే ఏమీ అనకపోవడం మా అక్కకే చెల్లింది.

బుధవారం మధ్యాహ్నం, బావ భోజనానికి వెళ్ళినప్పుడు, మామయ్య నా బల్ల పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మామయ్య పాతకాలం మనిషి. కంప్యూటర్లు రాకముందు, మార్కెట్లో నిలబడి చేతులెత్తి అరిచి కొనే రోజుల్లో పని నేర్చుకున్నాడు. ఆ గొంతు ఇంకా తగ్గలేదు, టీ కావాలన్నా కింద సైకిల్ షాపు వాడు ఉలిక్కిపడతాడు.

"అమ్మాయ్, సోమవారం మొదలెడుతున్నాం కదా. అసలు నువ్వేం కడిగావో ఒకసారి చెప్పు."

నన్నెవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న. రెచ్చిపోయాను. లేని నిమిషాలు చూపించాను. ఎవరూ కొనని అమ్మని నిమిషానికి వరస ఉండదు, అక్కడ వెనకటి ధరే ఉంచి, అమ్మకం సున్నా అని రాసి, ఇక్కడ బావ కొన్నట్టు లెక్క కట్టకూడదని గుర్తు పెట్టాను. అది సరైన పనే. తరవాత నా గొప్ప చూపించాను. తప్పుడు ధరలు పట్టే సూత్రం.

"ఒక నిమిషం ధర ముందు నిమిషం కన్నా రెండు శాతం పైన తేడాగా ఉండి, తరవాతి నిమిషం మళ్ళీ మామూలుకి వచ్చేసిందనుకో మామయ్యా. అది దొంగ ధర. తీసేసి వెనకటి ధర పెట్టేస్తాను. రెండేళ్ళలో నలభై ఒకటి దొరికాయి."

"బాగుంది. మరి ఆ నిమిషంలో నేను బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాననుకో. నాకా ధర కనబడుతుందా?"

"కనబడుతుంది."

"అది దొంగదని నాకప్పుడే ఎలా తెలుస్తుంది?"

"తరవాతి నిమిషం వచ్చాక..." అని ఆగిపోయాను.

మామయ్యకి మాత్రం అదేం పట్టలేదు. "ఏమోలే, మీ చదువులు మీవి," అని నా భుజం తట్టి, టీ కోసం అరుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేను అలాగే కూర్చున్నాను. జారి మళ్ళీ లేచిన ప్రతి ధరనీ దొంగదని తీసేశాను. బావ గీత తాకేవి సరిగ్గా అవే. జారుతుంది, గీత తాకుతుంది, బావ నష్టానికి అమ్ముకుంటాడు, మరుక్షణం లేస్తుంది. ఆ ఓటములన్నిటినీ నేనే శుభ్రంగా తుడిచేసి, గెలుపులు మాత్రం పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. ఇంకొకడు చేసుంటే వాడి తల వాచేలా తిట్టి ఉండేదాన్ని.

అయినా నలభై ఒకటీ నిజంగా దొంగవే కావచ్చు కదా. ఆ ఆశతో ఇంకో కంపెనీ నమూనాగా పంపిన డేటా తెరిచాను. నెలలుగా ముట్టుకోని ఫైలు. వేరే చోట నుంచి వచ్చిన ధరల్లోనూ అదే నిమిషంలో అదే జారుడు ఉంటే అది నిజం, లేకపోతే దొంగ. నలభై ఒక్క నిమిషాలూ పోల్చాను. ఒక్కటీ కలవలేదు. అమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను. అప్పుడే లేచి ఇంటికి పోయినా బాగుండేది.

ఖర్మ కాలి రెండో ఫైలు మొదటి వరస మీద కన్ను పడింది. మార్కెట్ తొమ్మిదీ పదిహేనుకి తెరుస్తారు. మా డేటాలో రోజు మొదటి వరస తొమ్మిదీ పదిహేను. ఇందులో తొమ్మిదీ పదహారు, రోజూ అంతే. మావాళ్ళు నిమిషం మొదలైన టైము రాస్తారు, వీళ్ళు నిమిషం అయిపోయిన టైము రాస్తారు. నేను ఒక నిమిషాన్ని దాని పక్క నిమిషంతో పోల్చి సంబరపడుతున్నానన్నమాట. రెండో ఫైలుని ఒక నిమిషం వెనక్కి జరిపి మళ్ళీ పోల్చాను.

ఇరవైతొమ్మిది కలిశాయి. ధర కలిసింది, చేతులు మారిన షేర్ల లెక్కా కలిసింది. పన్నెండు మాత్రమే నిజమైన దొంగలు, ఆ చాక్లెట్ ధర లాంటివి.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఆ మాట నా బుర్రలోకి రాలేదంటే అబద్ధం. పావుగంట సేపు దానితోనే కూర్చున్నాను. అవతలి గోడ పక్కన, భోజనం చేసొచ్చిన బావ ఈల వేసుకుంటూ రాజీనామా ఉత్తరంలో అచ్చు తప్పులు దిద్దుకుంటున్నాడు.

"బావా, ఒకసారి ఇలా రా."

"ఏంటి చీపురమ్మా, సోమవారం ముహూర్తం పెట్టావా?"

మొత్తం చెప్పాను. ఈల ఆగిపోయింది. మొదట నవ్వాడు. తరవాత నా స్క్రీన్ తన వైపు తిప్పుకున్నాడు.

"ఇదిగో, ఈ మార్చి నెలది చూడు. ఎవడో పొరపాటున పెద్ద ఆర్డరు కొట్టేసుంటాడు. ఇలాంటిది లెక్కలోకి తీసుకోకూడదు."

"పొరపాటున కొట్టినా అమ్ముడుపోయింది బావా. ఆ రోజు నీ చేతిలో షేర్లుంటే నీవీ అమ్ముడుపోయేవి."

"ఇది?"

"ఇదీ అంతే."

"నీకు నా మీద ఏమైనా కోపమా?"

"నా మీద కోపం. నీకు తప్పుడు డేటా ఇచ్చింది నేనే."

"మామయ్య అడిగాడా?"

"అడిగాడు. ఆయనకి అర్థం కాలేదు."

"మరింకేం." అని నా మొహం వంక చూడకుండా అన్నాడు. "రెండేళ్ళలో ఇరవైతొమ్మిది నిమిషాలు. లక్షా ఎనభై వేలల్లో ఇరవైతొమ్మిది. ఎవరడుగుతారే?"

బావ నాతో అంత బతిమాలినట్టు ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు అతణ్ణి చూస్తే అసహ్యం వేయలేదు, జాలేసింది. జాలి ఇంకా కష్టం.

"సోమవారం మార్కెట్ అడుగుతుంది," అన్నాను. "నువ్వు సంతకం పెడతానంటే పెట్టు. కానీ ఆ నిమిషాలు వెనక్కి పెట్టి ఒక్కసారి నడిపి చూశాక పెట్టు."

నా కుర్చీలో అతనే కూర్చున్నాడు. దొంగవి పన్నెండూ అలాగే వదిలేసి, ఇరవైతొమ్మిదీ తన చేత్తోనే వెనక్కి పెట్టాడు. ఒక్కోటీ పెడుతూ తేదీ పైకి చదివాడు, హాజరు పిలిచినట్టు. వాటిలో పద్ధెనిమిది కిందికి జారినవి. ఆ పద్ధెనిమిదిలో పదకొండు సార్లు అతని లెక్కలో షేర్లు చేతిలో ఉన్నాయి. పదకొండు సార్లూ గీత తాకింది. పరీక్ష నడవడానికి నిమిషం కూడా పట్టలేదు. మేడ మెట్లు మధ్యలో పదకొండు చోట్ల విరిగాయి. చివరికి మొదలుపెట్టిన చోటు కన్నా కిందికి దిగింది. చిన్న గెలుపులన్నీ కలిపినా ఆ పదకొండు ఓటములకి చాలలేదు.

బావ లేచి, చొక్కా సర్దుకుని, అప్పుడే టీతో పైకొచ్చిన మామయ్య దగ్గరకి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

"మామయ్యా, సోమవారం వద్దు. పద్ధతి నిలబడలేదు. తప్పు నాది. జవాబు నచ్చింది కాబట్టి డేటా ఎలా వచ్చిందో ఒక్కసారీ అడగలేదు."

"తప్పు నాది," అన్నాను. "సూత్రం నేను రాశాను."

"ఇద్దరూ నాకే నాకే అని కొట్టుకోకండి, ఇదేమన్నా సన్మానమా," అన్నాడు మామయ్య. ఆయన గొంతు అంత మెల్లగా నేను ఎప్పుడూ వినలేదు. "సోమవారం ఆపేద్దాం. కూర్చోవోయ్, టీ తాగు."

బావ కూర్చోలేదు. మెట్లు దిగి మధ్య మలుపులో కిటికీ దగ్గర నిలబడిపోయాడు. నేను పైమెట్టు మీద కూర్చున్నాను. కింద ఎవరో సైకిల్ చక్రం తిప్పి చూస్తున్నారు.

"అక్కకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వే చెప్పు. ఏడాది నుంచి దాని ముందు పెద్ద మొనగాణ్ణని తిరిగాను. నా వల్ల కాదు."

ఫోన్ చేశాను. దొంగ ధరలు, గీతలు ఇవన్నీ అక్కకి అక్కర్లేదు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన పద్ధతి పనికిరాలేదు, సోమవారం స్కూలుకి వెళ్తాడు, అంతా నా తప్పే. తిడుతుందేమోనని ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను.

"ఏడ్చాడా?" అని అడిగింది అక్క.

"లేదు."

"పిల్లలు ట్యూషన్ నుంచి ఏడింటికి వస్తారు. ఆలోపే ఇంటికి రమ్మను," అంది. "వాళ్ళ ముందు ఏడవలేడు."