ఇంటి అల్లుడి జీతం

ఆ కంపెనీలో చేరినవాళ్ళని ఉద్యోగులు అనకూడదు, దత్తత వచ్చినవాళ్ళు అనాలి. మొదటిరోజే మెడలో గుర్తింపు కార్డు వేసి, దాంతోపాటు ఒక వరస కూడా తగిలిస్తారు. యజమాని అందరికీ నాన్నగారు. ఫ్రిజ్‌లూ వాషింగ్ మిషన్లూ బాగుచేసే మెకానిక్‌లు తమ్ముళ్ళు. ఫోన్లలో తిట్లు తినే అమ్మాయిలు చెల్లెళ్ళు. జీతాలూ సెలవులూ చూసే యజమాని భార్యని అమ్మ అనాలి నిజానికి. కానీ ఆవిడ సెలవు చీటీ చదివే తీరు చూసి జనం అత్తయ్యగారనడం మొదలుపెట్టారు. ఆవిడ దాన్ని మర్యాదే అనుకుంది.

ఏ మెకానిక్ ఏ వీధికి ఎప్పుడు వెళ్ళాలో చూసే ఆవిడకి పెద్దకోడలు అని పేరు. ఆ పేరు వచ్చినప్పుడు ఆమె మురిసిపోయింది. పెద్దకోడలంటే ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే ఆఖర్న తినే మనిషని అప్పటికి తట్టలేదు పాపం.

ఆఫీసు సాయంత్రం ఆరింటికి అయిపోతుంది. అయిపోయిన మరుక్షణం కుటుంబ కబుర్లు మొదలవుతాయి. కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని, ఆ రోజు కుటుంబం తమకేం చేసిందో ఒక్కొక్కరూ కృతజ్ఞతగా చెప్పాలి. చెప్పడం అయ్యాక, ఎలాగూ ఉన్నారు కదా అని మిగిలిన ఫిర్యాదుల పని పంచుతారు. దానికి విడిగా డబ్బులేమైనా ఇస్తారా అని ఒక తమ్ముడు అడిగితే, "మన ఇంట్లో మనం అంట్లు తోముకుంటే కూలి అడుగుతామా నాన్నా?" అన్నారు నాన్నగారు. తమ్ముడు సిగ్గుపడ్డాడు. అంట్లు ఎవరివో అడగాలన్న ఊహ ఎవరికీ రాలేదు.

జీతం పెంచమంటే అక్కడ హోదా పెంచుతారు. పెద్దకోడలు మొదటిసారి అడిగినప్పుడు "సమన్వయ సారథి" అయింది. రెండోసారి అడిగినప్పుడు కంపెనీ పేరున్న గాజు జ్ఞాపిక ఇచ్చి చప్పట్లు కొట్టారు. మూడోసారి, "ఈ ఏడు ఇల్లు కాస్త ఇబ్బందుల్లో ఉందమ్మా, వచ్చే ఏడు నీదే," అన్నారు. ఆ ఏడే నాన్నగారు కారు మార్చారు. ఎవరి జీతం ఎంతో మరొకరికి చెప్పడం మాత్రం మహాపాపం. ఎవరి కంచంలో ఏముందో చూసేది దిష్టి కళ్ళవాళ్ళని అత్తయ్యగారి సిద్ధాంతం.

ఆమెకి ఆ పెంపు సరదాకి కాదు. భర్త గోదాములో రాత్రి షిఫ్టు చేస్తాడు. పగటి షిఫ్టుకి మారితే కూలి తగ్గుతుంది. ఆమె జీతం కాస్త పెరిగితే ఆ లోటు పూడుతుంది, సాయంత్రాలు ఇద్దరిలో ఒకరైనా పిల్లదాని దగ్గర ఉంటారు. ఇప్పటికైతే ఆయన వెళ్ళాక, ఆమె వచ్చేలోపు, ఐదేళ్ళ కూతురు పక్కింటి పిన్నిగారి దగ్గరే తిని, అక్కడే నిద్రపోతుంది. నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకుని తెచ్చుకోవడమే రోజూ ఆమెకి దక్కే కాపురం. లోకంలో ఆమెకి రెండు కుటుంబాలు. అందులో ఒకటి మాత్రమే ఆమెని మెలకువగా చూసేది.

ఇలా ఉండగా ఇంటికి అల్లుడొచ్చాడు.

అతను వేరే కంపెనీ నుంచి వచ్చాడు. చేసేది పెద్దకోడలి పనే, పట్నంలో అవతలి సగానికి. నాన్నగారు స్వయంగా ఎదురెళ్ళి తీసుకొచ్చారు. కొత్త కుర్చీ, కొత్త కంప్యూటర్. పని నేర్పే భాగ్యం మాత్రం పెద్దకోడలిది. మనిషి మంచివాడే. ఆరు కాగానే బ్యాగు సర్దుకుంటుంటే అత్తయ్యగారు "అల్లుడుగారికి దూరం కదా" అని నవ్వుతూ సాగనంపేది. పెద్దకోడలి ఇల్లు అతని ఇంటికి రెండు వీధుల అవతల.

ఒకరోజు టీ తాగుతూ అతను మామూలుగా అన్నాడు. "ఇక్కడ జీతం తక్కువేనండీ. మా పాత కంపెనీలోనే ఇంతకంటే ఎక్కువ ఇస్తామని ఇప్పుడు అడుగుతున్నారు." ఇక్కడ తనకొచ్చేది ఎంతో కూడా చెప్పేశాడు. కొత్తవాడు, ఇంటి మహాపాపాల జాబితా ఇంకా కంఠస్థం కాలేదు.

అది ఆమె జీతానికి రెండింతలు.

"ఎలా ఒప్పుకున్నారు?" అంది ఆమె.

"ఎలా ఏముందండీ, బేరమాడాను. మీరు ఆడలేదా?"

ఇంట్లో ఎవరైనా బేరమాడతారా అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పాత కంపెనీలో మనుషులు కావాలంటున్నారని అతను ఒక నంబరు ఇచ్చాడు. ఆమె తీసుకుంది కానీ, పుట్టింట్లో పెట్టె తాళం తీసినంత తప్పుచేసినట్టు అటూ ఇటూ చూసింది. అంత బాగా పెంచారు మరి.

మర్నాడు నాన్నగారి గదికి వెళ్ళి, అల్లుడికి ఇచ్చినంత తనకెందుకు ఇవ్వరని అడిగింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే యజమాని అయిపోరూ. కళ్ళు తుడుచుకున్నారు.

"అతను బయటివాడమ్మా. బయటివాడికి బయట రేటు ఇవ్వక తప్పదు, లేకపోతే పోతాడు. నువ్వు మన మనిషివి. నువ్వెక్కడికి పోతావు?"

ఆయన దాన్ని మెచ్చుకోలుగానే అన్నారు. నిజంగానే ప్రేమగా అన్నారు. ఇన్నేళ్ళూ తను నమ్మకం అనుకున్నది ఆయన లెక్కలో తగ్గింపు ధర అని అప్పుడు అర్థమైంది ఆమెకి. ఎంత అంటిపెట్టుకుని ఉంటే అంత చవక. అయినా "సరే నాన్నగారూ" అనే వచ్చింది, అలవాటు.

ఆ సాయంత్రం కుర్చీలు గుండ్రంగా వేశారు. ఆ పూటకి అల్లుడు కూడా ఉండిపోయాడు. ఒక చెల్లి, జ్వరమొచ్చినా కుటుంబం తనని ఇంటినుంచి పనిచేయనిచ్చిందని కృతజ్ఞతలు చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దకోడలి వంతు వచ్చింది. ఏదో ఒకటి అనేసి కూర్చుందామనే లేచింది.

"నాన్నగారికి కృతజ్ఞతలు. నేనెందుకు చవకో ఇవాళ చెప్పారు," అంది. ఆ తర్వాత ఆగలేకపోయింది. తన జీతమెంతో చెప్పేసింది.

అత్తయ్యగారు "ఇంటి గుట్టు అమ్మా" అని గొణిగింది.

"ఇంట్లోవాళ్ళకే చెప్తున్నాను అత్తయ్యగారూ. బయటివాళ్ళెవరున్నారు ఇక్కడ?"

అల్లుడు నేల చూపులు చూశాడు. ముసలి మెకానిక్ ఒకాయన, తమ్ముళ్ళందరిలోకీ పెద్ద తమ్ముడు, లేచి తన జీతం చెప్పాడు. అది నిరుడు చేరిన కుర్రమెకానిక్ జీతం కంటే తక్కువ. కుర్రాడు కూడా తనది చెప్పి తల దించుకున్నాడు. జ్వరం చెల్లి చెప్పింది. ఎవరు ఎక్కువ ఏళ్ళు ఉంటే వాళ్ళకి తక్కువ అని వింటున్న అందరికీ తెలిసిపోయింది.

"ఇది కంపెనీ," అన్నారు నాన్నగారు లేచి నిలబడి. "ఇలాంటివి ఇక్కడ మాట్లాడకూడదు. రూల్స్ ఉన్నాయి."

అన్నేళ్ళలో ఆయన నోట కంపెనీ అన్న మాట వినడం అదే మొదటిసారి. పెద్దకోడలికి ఎందుకో ప్రాణం తేలికపడింది.

"కంపెనీ అయితే ఆరు దాటింది సార్," అంది బ్యాగు తీసుకుంటూ.

వీధిలోకి రాగానే అల్లుడిచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. ఎంత కావాలని అడిగారు. అతని జీతమే చెప్పింది. మరీ ఎక్కువన్నారు. ఆమె ఆ అంకె దగ్గరే నిలబడింది. సోమవారం వచ్చి కలవమన్నారు. ఉద్యోగం ఇంకా చేతికి రాలేదు, ఉన్నది రేపు ఉంటుందో లేదో తెలియదు. భయంగానే ఉంది. భయంతోనే నడిచింది.

పక్కింటి తలుపు తట్టేసరికి ఆకాశంలో ఇంకా కాస్త వెలుతురుంది. లోపల పిన్నిగారు "చూడమ్మా, మీ అమ్మేమో" అంటోంది.

"అమ్మ కాదు పిన్నీ," అంది కూతురు, లేవకుండానే. "ఇంకా చీకటి పడలేదు కదా."